ఒక్క జమ, నాలుగు బిల్లులు

బాలానగర్‌లో మాది పంపులు, మోటార్లు బాగుచేసే చిన్న కంపెనీ. మందుల ఫ్యాక్టరీలకు సర్వీసు చేస్తాం, విడిభాగాలు అమ్ముతాం. అక్కడ వసూళ్ల పద్దు నా చేతిలో ఉంటుంది. వసూళ్లంటే ఫోన్లు చేసి డబ్బు రాబట్టడమే అనుకుంటారు చాలామంది. వచ్చిన డబ్బు ఏ బిల్లుకు వచ్చిందో తేల్చడంలోనే నాకు ఎక్కువ పొద్దు పోతుంది.

2024 ఆగస్టు 14న ఒక పార్టీ నుంచి 3,08,942 రూపాయలు ఆర్టీజీఎస్‌లో పడ్డాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వాళ్ల పేరు, పక్కన యూటీఆర్ నంబరు, అంతే. ఏ బిల్లుకు ఎంత, ఎక్కడ ఎంత కోశారు అని చెప్పే పేమెంట్ అడ్వైస్ రాలేదు. అప్పటికి వాళ్ల పద్దులో అయిదు బిల్లులు బాకీ ఉన్నాయి. అన్నిటి మీదా జీఎస్టీ 18 శాతం.

మే 8 నాటి 214వ బిల్లు మెయింటెనెన్స్‌ది, లక్ష మీద పన్నుతో 1,18,000. మే 20 నాటి 221 విడిభాగాలది, 59,000. జూన్ 3 నాటి 229 రిపేరు పని, 80,000 మీద 94,400. జూన్ 17 నాటి 236 పంపుల పనితీరు పరీక్షించి రిపోర్టు ఇచ్చినందుకు, 40,000 మీద 47,200. చివరిది జూలై 5 నాటి 242, మళ్లీ రిపేరే, 35,400. మొత్తం 3,54,000.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ట్యాలీలో రిసీట్ వోచర్ తెరిచి సిద్ధంగా కూర్చున్నాడు. "అక్కా, పాత బిల్లు నుంచి వరసగా కొట్టేయనా?" అన్నాడు. అలా కొడితే మొదటి మూడూ పూర్తిగా తీరిపోతాయి, నాలుగోదానికి 37,542 మిగులుతుంది. అంటే 236 మీద 9,658 రూపాయలు బాకీ కనిపిస్తుంది, 242 అలాగే ఉంటుంది. మొత్తం బాకీ అణాపైసలతో సరిపోతుంది కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు కూడా.

చిక్కంతా ఆ 9,658తోనే. పార్టీ వాళ్లకు ఫోన్ చేసి "236లో తొమ్మిదివేల ఆరువందల యాభై ఎనిమిది తక్కువ పంపారు" అంటే, వాళ్లు తమ పుస్తకం తీసి "లేదే, 236 పూర్తిగా ఇచ్చేశాం" అంటారు. వాళ్ల మాట నిజమే. ఆ అంకె వాళ్ల పుస్తకంలో ఎక్కడా ఉండదు, మనం వరస పెట్టి కొట్టడం వల్ల పుట్టింది. నాలుగు బిల్లుల్లో నాలుగు కారణాలతో కోసిన చిన్న మొత్తాలు కలిసిపోయి ఒకే ముద్ద అయ్యాయి. అందులో ప్రభుత్వానికి పోయిన పన్నెంతో, వాళ్లు మనకివ్వాల్సిందెంతో తరవాత విడదీయడం బ్రహ్మతరం కాదు. ఆర్నెల్లు పోయాక ఓనరు గారు విసిగి "రానిది రాయి పోనీ" అంటారు, అది చెడ్డ బాకీగా ఖర్చులోకి వెళ్తుంది. చేతికి రావాల్సిన పన్ను క్రెడిట్‌ను ఇలా ఖర్చు రాసేసుకున్న కంపెనీల పుస్తకాలు చాలానే చూశాను.

అందుకని వోచర్ మూయించి, ముందు 26ఎఎస్ తీయమన్నాను. ఆదాయపు పన్ను పోర్టల్‌లో కంపెనీ పాన్ మీద ఎవరెవరు ఎంత టీడీఎస్ కోసి కట్టారో చూపే పత్రం అది. ఏడాది చివర రిటర్ను వేసేటప్పుడు మాత్రమే దాన్ని చూస్తారు చాలామంది. నాకది వసూళ్ల పనిలో అక్కరకొచ్చే కాగితం. ఎందుకంటే కొనేవాళ్లు టీడీఎస్‌ను డబ్బు పంపిన రోజున కాదు, మన బిల్లును తమ పుస్తకంలో రాసుకున్న రోజునే కోయాలి. రాసుకోవడం, డబ్బివ్వడం రెండిట్లో ఏది ముందైతే అది. మే, జూన్ బిల్లుల పన్ను ఏప్రిల్-జూన్ త్రైమాసికంలోకి వస్తుంది, దాని టీడీఎస్ రిటర్నుకు గడువు జూలై 31. కాబట్టి డబ్బు ఆగస్టు 14న వచ్చినా, వాళ్లేం కోశారో 26ఎఎస్‌లో అంతకుముందే ఎక్కి ఉండే అవకాశం ఎక్కువ.

ఎక్కింది. వాళ్ల పేరు కింద మూడు వరసలున్నాయి. లక్ష మీద 2,000. 94,400 మీద 1,888. 40,000 మీద 4,000.

మొదటిది 214. కంపెనీకి ఇచ్చే కాంట్రాక్టు పనిమీద 194సి కింద రెండు శాతం, జీఎస్టీ వదిలేసి లక్ష మీదే కోశారు, సరిగ్గా ఉంది. రెండోది 229. రేటు రెండు శాతమే, కానీ 80,000 మీద కోయాల్సింది పోయి జీఎస్టీతో కలిపి 94,400 మీద కోశారు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే దాని మీద టీడీఎస్ కోయనక్కర్లేదని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జూలైలో 23వ సర్క్యులర్‌లోనే చెప్పింది. అయినా ఒకే పార్టీలో ఒక గుమస్తా ఒకలా, ఇంకో గుమస్తా ఇంకోలా కోస్తూనే ఉంటారు. మూడోది 236. మేం దాన్ని సాంకేతిక సేవ అనుకుని రెండు శాతం పోతుందనుకున్నాం, వాళ్లు 194జె కింద వృత్తి సేవగా రాసుకుని పది శాతం కోశారు. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో ఈ సెక్షన్ల నంబర్లు మారాయి. ఇది 2024 నాటి లెక్క కనక పాతవే వాడుతున్నాను.)

అంటే 214కు 1,16,000, 229కి 92,512, 236కు 43,200 వచ్చినట్టు. మూడూ కలిపి 2,51,712. వచ్చిన దాంట్లోంచి తీసేస్తే 57,230 మిగిలింది. 242 కాదది, ఆ బిల్లే 35,400. కాబట్టి 59,000 విలువైన విడిభాగాల బిల్లుకే వచ్చి ఉండాలి, 1,770 తక్కువగా. సరుకు అమ్మకం మీద 194సి లేదు. ఏడాదిలో ఒకే పార్టీ మా దగ్గర యాభై లక్షలు దాటి కొంటేనే 194క్యూ మాట వస్తుంది, అందులో పదోవంతు కూడా వీళ్లు కొనరు. కనక ఈ 1,770 పన్ను కాదు.

మరేమిటి? ఇక్కడ నేనెప్పుడూ చేసే పని ఒకటుంది. తెలియని కోతను 1.18తో భాగించి చూస్తాను. గుండ్రటి అంకె వస్తే సరుకు ధరకు జీఎస్టీ కలిపి కోశారని అర్థం. 1,770ని భాగిస్తే సరిగ్గా 1,500. 221వ బిల్లు తీసి చూస్తే అందులో గ్యాస్కెట్ సెట్టు ఒక్కోటి 750. రెండు సెట్లు వాళ్ల స్టోర్సులో తిరస్కరించి ఉంటారు, లేదా తక్కువ అందినట్టు రాసుకుని ఉంటారు.

అప్పుడు ఫోన్ చేశాను. "సార్, 221లో రెండు గ్యాస్కెట్ సెట్లు పక్కన పెట్టారా?" అని అడిగితే అవతల ఆయన కాసేపు కంప్యూటరు చూసి, "అవును మేడం, సైజు తేడా వచ్చిందని స్టోర్స్ వాళ్లు రాశారు. మీకెలా తెలుసు?" అన్నారు. "డబ్బులో 9,658 తేడా ఉంది, ఎందుకు?" అని అడిగి ఉంటే ఆ మాట వారమైనా వచ్చేది కాదు. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లకు మన బాకీ మొత్తంతో పనిలేదు. బిల్లు నంబరు, వస్తువు పేరు చెబితే కదులుతారు.

ఆ తరవాత కుర్రాడితో ఎంట్రీ వేయించాను. రిసీట్ వోచర్లో బ్యాంకుకు 3,08,942, పార్టీ పద్దులో `Agst Ref` పెట్టి నాలుగు బిల్లులకూ నాలుగు మొత్తాలు: 1,16,000, 57,230, 92,512, 43,200. విడిగా ఒక జర్నల్: రావాల్సిన టీడీఎస్ ఖాతాకు 7,888 డెబిట్, పార్టీకి క్రెడిట్, అదీ బిల్లు వారీగా 2,000, 1,888, 4,000. దీంతో మూడు బిల్లులు మూసుకుపోయాయి. పద్దులో మిగిలినవి రెండే, 221 మీద 1,770, ఇంకా గడువు తీరని 242 మీద 35,400. ఇప్పుడు వయసుల వారీ బాకీల పట్టీ తీస్తే ఎవరికైనా అర్థమవుతుంది. `On Account` అని కొట్టి వదిలేస్తే ఆ పట్టీలో అన్ని బిల్లులూ బాకీగానే కనిపిస్తాయి, డబ్బిచ్చిన పార్టీకే మళ్లీ మళ్లీ ఫోన్లు వెళ్తాయి.

ఓనరు గారికి మాత్రం 236 మీద కోపం వచ్చింది. "ఎనిమిది వందలు కోయాల్సిన చోట నాలుగు వేలు కోస్తారా? తేడా వెనక్కి అడుగమ్మా" అన్నారు. అడగనన్నాను. ఆ నాలుగు వేలు మన పాన్ మీద ప్రభుత్వం దగ్గర జమ అయి ఉన్నాయి, రిటర్నులో పూర్తిగా క్రెడిట్ దొరుకుతుంది. 229లో జీఎస్టీ మీద అదనంగా పోయిన 288 కూడా అంతే. నష్టమల్లా కొన్ని నెలలు డబ్బు చేతిలో ఆడకపోవడమే. త్రైమాసికం రిటర్ను వేసేశాక దాన్ని సవరించమని పార్టీ వెంట పడితే అక్కడ ఎవరూ ముట్టుకోరు, పైగా తరవాతి బిల్లు ఆగుతుంది. సర్క్యులర్ నంబరు రాస్తూ, ఇకమీదట జీఎస్టీ వదిలేసి కోయమని ఒక మెయిల్ పెట్టి ఊరుకున్నాను. అయితే 26ఎఎస్‌లో 94,400 కనిపిస్తుంది, మన ఆదాయం 80,000. ఆ తేడా జీఎస్టీదేనని అప్పుడే ఒక నోటు రాసి ఫైలులో పెట్టాలి. రెండేళ్లకు నోటీసు వస్తే గుర్తుండదు.

221 మీది 1,770 దగ్గర మాత్రం తొందరపడి ఖర్చు రాయకూడదు. ఖర్చు రాస్తే అందులోని 270 జీఎస్టీ మనం ఊరికే కట్టినట్టవుతుంది. సెట్లు వెనక్కి తెప్పించి 1,500, దానిపై పన్ను 270తో జీఎస్టీ క్రెడిట్ నోటు ఇచ్చి, అదే నెల రిటర్నులో చూపించాం. అవతలివాళ్లు ఆ మేరకు తమ ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గించుకుంటారు. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుకు ఇలాంటి క్రెడిట్ నోటు చూపడానికి ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అంతవరకే గడువు.

వీళ్ల విషయంలో 26ఎఎస్ ముందే ఎక్కింది కాబట్టి పని సులువైంది. అన్నిసార్లూ అలా ఉండదు. కోసి కట్టనివాళ్లుంటారు, కట్టి పాన్ తప్పు రాసేవాళ్లుంటారు. అందుకే టీడీఎస్ ఖాతాను పార్టీల వారీగా పెట్టుకుని, ప్రతి త్రైమాసికం రిటర్ను గడువు దాటిన పదిహేను రోజులకు, అంటే 16ఎ సర్టిఫికెట్లు రావాల్సిన సమయానికి, 26ఎఎస్‌తో పోల్చుకుంటాం. కనిపించని మొత్తం మళ్లీ ఆ పార్టీ బాకీల్లోకి, అదే బిల్లు నంబరు మీదికి వస్తుంది. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అది తీరినట్టు కాదని మా లెక్క.

చెల్లింపులు పంపే అకౌంట్స్ మిత్రులకు ఒక మనవి. డబ్బు పంపిన రోజే బిల్లు నంబరు, పంపిన మొత్తం, కోసిన టీడీఎస్, వేరే కోత ఏదైనా ఉంటే దాని కారణం, ఈ నాలుగూ ఒక మెయిల్లో రాసి పడేయండి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ వివరమంతా అప్పటికే ఉంటుంది.