అప్పు తీరాకే తిరుగు ప్రయాణం

సింధనూరు, గంగావతి వైపు క్యాంపుల్లో పుట్టి పెరిగినవాళ్ళకి వలస కొత్త కాదు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళొచ్చాక మా తాతలు కోస్తాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్ముకుని ఇక్కడ చౌకగా ఎక్కువ భూమి కొన్నారు. వెనక్కి వెళ్ళాలనుకుని వచ్చినవాళ్ళు కాదు. ఇప్పుడు పిల్లలు అమెరికాకి ఎం.ఎస్.కి వెళ్తామంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు అడిగేది మాత్రం ఒక్కటే, "చదువయ్యాక తిరిగొస్తాడా?" అని.

పోయిన ఏడాది మా చిన్నాన్నగారబ్బాయి ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉండగా మేం ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేశాం. మాలో టెస్టింగు పని చేసేవాళ్ళం ఉన్నాం కాబట్టి, అన్నీ సవ్యంగా జరిగితే ఏమవుతుందన్నది పక్కన పెట్టి, ఒకటి తప్పితే ఏమవుతుందో ముందు చూశాం.

మొదటి చిక్కు పొలం దగ్గరే వచ్చింది. "ఎనిమిదెకరాల మాగాణి ఉంటే బ్యాంకువాళ్ళు అప్పియ్యరా?" అన్నాడు చిన్నాన్న, పహణీ చేతిలో పట్టుకుని. చదువు అప్పుకి పంట భూమిని హామీగా తీసుకోవడానికి బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. అప్పు తీరకపోతే కోర్టుకి పోకుండా తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇస్తుంది గానీ, అది వ్యవసాయ భూమికి వర్తించదు. ఇక మిగిలింది ఇల్లు. అందులో మా నానమ్మ ఉంటుంది.

అసలు లెక్క ఆ తర్వాత మొదలైంది. ఫీజు, ఖర్చులు కలిపి 40 లక్షలు, వడ్డీ 11 శాతం అనుకున్నాం. సెమిస్టరుకి 10 లక్షల చొప్పున నాలుగుసార్లు ఇస్తారు. చదువు రెండేళ్ళు, ఆపైన ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదు. చాలామంది ఈ మాట విని, అప్పటిదాకా వడ్డీ ఉండదేమో అనుకుంటారు. వడ్డీ మొదటి రోజునుంచే నడుస్తుంది. బారువడ్డీ వేసినా ఆ రెండున్నరేళ్ళలో 7.7 లక్షలు అవుతుంది. కిస్తీ మొదలయ్యేనాటికి అప్పు 47.7 లక్షలు. పదేళ్ళకి నెలకి సుమారు 65,700 కట్టాలి.

అక్కడ ఉద్యోగం దొరికితే ఇది కష్టమేమీ కాదు. అయితే చదువు తర్వాత ఓపీటీ కింద ఒక ఏడాది, సైన్సు, ఇంజనీరింగు డిగ్రీలకి ఇంకో రెండేళ్ళు పని చేసుకోనిస్తారు. అంతటితో గడువు అయిపోతుంది. ఇంకా ఉండాలంటే సాధారణంగా హెచ్-1బీ కావాలి. దానికి ఏటా పరిమితి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000. అంతకంటే ఎక్కువమంది దరఖాస్తు పెడితే అందరికీ రాదు.

పేరు రాలేదనుకుందాం. మూడేళ్ళలో మొదటి ఆరు నెలలు పోగా 30 కిస్తీలు కట్టి ఉంటాడు, అంటే 19.7 లక్షలు. ఇంకా బాకీ ఎంత? 40 లక్షల పైచిలుకు! కట్టిన డబ్బులో చాలావరకు వడ్డీకే పోయింది కాబట్టి, మొదట తెచ్చుకున్న అప్పు అలాగే నిలబడి ఉంది. ఇక్కడికొచ్చి చేతికి నెలకి 60 వేలు వచ్చే పనిలో చేరితే ఆ జీతం కిస్తీకే చాలదు. "రాలేకపోతున్నాను నాన్నా" అని పిల్లలు ఫోనులో అనే మాట వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది. వాళ్ళకి ఇంటిమీద ప్రేమ లేక కాదు.

అదే 30 నెలలూ రెట్టింపు కిస్తీ, అంటే నెలకి 1.31 లక్షలు కడితే? డాలరు 85 రూపాయలు అనుకుంటే దాదాపు 1,550 డాలర్లు. గది పంచుకుని, కారు కొనకుండా ఉంటే కుదరొచ్చు. అప్పుడు బాకీ 17.6 లక్షలకి దిగుతుంది. బ్యాంకు ఒప్పుకుని దాన్ని మిగిలిన ఏడున్నరేళ్ళకి సర్దితే కిస్తీ 28,800. మన ఊరి జీతంతో కట్టగలిగేది ఇదీ.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కాలేజీల పట్టికలో ప్రతి పేరు పక్కన ఫీజుతోపాటు, మూడేళ్ళకి తిరిగొస్తే నెలకి ఎంత కట్టాలో కూడా రాశాం. ఇక్కడి జీతంలో సగం దాటినవన్నీ తీసేశాం. తొమ్మిదింట్లో మూడు మిగిలాయి. తమ్ముడు కాసేపు మొహం ముడుచుకున్నాడు గానీ, తర్వాత తనే ఫైలు తీసుకుని డాలరు 95 అయితే ఫీజుకి ఎంత ఎక్కువ కావాలో చూశాడు. మూడింట్లో ఇంకొకటి పోయింది.

చిన్నాన్న ఇప్పుడు "తిరిగొస్తాడా?" అని అడగట్లేదు. "రావాలనుకుంటే రాగలడా?" అంటున్నాడు. ఈ రెండో ప్రశ్నకి సంతకం పెట్టకముందే జవాబు దొరుకుతుంది.