దొరకు ‘రు’, తాతకు ‘డు’

డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు ఏటా ఒక పని ఇస్తాను. మీ ఇంట్లోనో, వాడలోనో ఉన్న ఒక పెద్దమనిషి జీవిత చరిత్రను పది పేజీల్లో రాసుకు రండి అని. పోయిన ఏడాది ఒక అబ్బాయి వాళ్ల తాత గురించి రాశాడు. ఆ వాడలో మొదట బడి మెట్లెక్కిన మనిషి, తర్వాత పంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. మూడో పేజీలో ఇలా ఉంది:

“దొరగారు గడీ అరుగు మీద కూర్చున్నారు. తాత వాకిట్లో నిలబడ్డాడు. దొరగారు తాతను పిలిచి గొడ్ల కాడికి పొమ్మన్నారు. తాత బడికి పోతానన్నాడు. కొట్టారు.”

అయిదు వాక్యాలు. తాత మీద ఆ అబ్బాయికి ప్రాణం. దొర మీద కోపం కూడా తక్కువేం లేదు. కానీ క్రియల చివర చూడండి. దొర ‘కూర్చున్నారు’, తాత ‘నిలబడ్డాడు’. ఇది అతను ఆలోచించి చేసిన పని కాదు. ఇంట్లో అమ్మానాన్నల నోట ‘దొరవారు’ అనే మాట విని పెరిగాడు. ఊళ్లో తాతను ఎవరూ ‘గారు’ అనలేదు. మన ఎల్లయ్యలు ఎల్లిగాళ్లయ్యారు తప్ప ఎల్లయ్యగార్లు కాలేదు. ‘గారు’కూ ‘గాడు’కూ తేడా ఒక్క అక్షరమే. అక్షరం ఒక్కటే అయినా దాని వెనక ఊరంతా ఉంది.

అలాగని ‘డు’ ఎక్కడ కనబడినా అవమానం అనుకోకూడదు. మన తెలంగాణలో “మా నాయన వచ్చిండు” అంటే అందులో చిన్నచూపు ఏమీ లేదు. దేవుడికి ఏకవచనమే. సాహిత్య చరిత్రల్లో తిక్కన రాశాడు, పోతన రాశాడు అనే అంటాం. ఆ వరసలో “జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు” అంటే ఆయన్ని ఆ కవుల పక్కనే కూర్చోబెట్టినట్టు. నాకు అభ్యంతరం లేదు. అదే పేజీలో ఇంకో కవి ‘గారు’ అయి, ‘రచించారు’ అయి, జాషువా ఒక్కడే ‘రాశాడు’గా మిగిలితే అప్పుడు అడుగుతాను. కాబట్టి క్రియను ఒంటరిగా చూసి తేల్చలేం. ఆ పేజీలో ఇంకెవరున్నారు, వాళ్లకు ఏ ప్రత్యయం దక్కింది అని పక్కపక్కన పెట్టి చూడాలి. ఎర్ర పెన్నుతో ‘రు’లన్నిటి కింద ఒక గీత, నల్ల పెన్నుతో ‘డు’లన్నిటి కింద ఒక గీత గీయమన్నాను. పేజీ చూసుకుని ఆ అబ్బాయే కాసేపు మాట్లాడలేదు.

సరే, తాతకు ‘రు’ ఇద్దాం. వెంటనే ఒక చిక్కు వచ్చింది. “అప్పుడు తాతకు పదేళ్లు సార్. పదేళ్ల పిల్లగాణ్ని నిలబడ్డారు అనాలా?” న్యాయమైన ప్రశ్నే. కొందరు బాల్యమంతా ‘డు’తో నడిపి, పెద్దయ్యాక ‘రు’కు మారుస్తారు. నాకది నచ్చదు. ఎక్కడ మారుస్తావు? ఉద్యోగం వచ్చిన పేజీలో మారిస్తే గౌరవం సర్కారు ఆర్డరుతో వచ్చిందన్నట్టు ఉంటుంది. రాసేది ఇవాళ్టి మనవడు, రాస్తున్నది తాత గురించి, కాబట్టి మొదటి పేజీ నుంచీ ‘రు’ ఉండొచ్చు. మరీ ఎబ్బెట్టుగా ఉన్న చోట తెలుగులోనే దారులున్నాయి. “తాత పుట్టింది జొన్న చేలో” అంటే ఆ క్రియకు ఏకవచనమూ లేదు, గౌరవమూ లేదు. “బడికి పోయి, పలక కింద పెట్టి, గుమ్మం బయట కూర్చుని” అన్నప్పుడు ఆ ‘పోయి, పెట్టి, కూర్చుని’లకు మనిషి అంటడు. చివరి క్రియ ఒక్కటే ‘విన్నారు’ అయితే చాలు. ప్రతి వాక్యమూ ‘రు, రు’ అంటూ సన్మాన పత్రంలా మోగకుండా ఉండేది కూడా ఇలాగే.

మరి దొరకు? ‘డు’ వాడితే కసి తీర్చుకున్నట్టు ఉంటుందేమో అని తరగతిలో ఒకరిద్దరు సందేహించారు. ఏడో నిజాం పాలించాడు అని రోజూ రాస్తున్నాం కదా, దొర అంతకంటే పెద్దవాడా?

రెండో విషయం ‘పొమ్మన్నారు’. దొర నిజంగా అన్నదేమిటని అడిగితే “ఒరే, గొడ్ల కాడికి పోరా” అని చెప్పాడు అబ్బాయి. ‘పోరా’ అన్నా ‘పొమ్మన్నాడు’ అవుతుంది, ‘పోండి’ అన్నా ‘పొమ్మన్నాడు’ అవుతుంది. తెలుగులో ఆజ్ఞను పరోక్షంగా చెప్పగానే అందులోని మర్యాదా, అమర్యాదా రెండూ రాలిపోతాయి. పెళ్లికి రమ్మన్నారు అనడానికి ఇది హాయిగానే ఉంటుంది. మన పెద్దల చరిత్ర రాసేటప్పుడు మాత్రం సాక్ష్యం మాయమవుతుంది. కథనంలో నువ్వు తాతకు ‘రు’ ఇవ్వు, కొటేషన్ గుర్తుల మధ్య ‘ఒరే’ను ఉన్నదున్నట్టు ఉంచు. రెండూ ఒకే పేజీలో ఎదురెదురుగా ఉంటేనే ఊరు ఏం చేసిందో కనబడుతుంది.

అసలు కష్టం చివరి మాటతో. ‘కొట్టారు.’ మనం కర్తను వదిలేసి మాట్లాడతాం, క్రియ చివరే మనిషిని చెబుతుంది. కానీ ‘రు’ ఒక్కరికి గౌరవమూ అవుతుంది, పదిమందికి లెక్కా అవుతుంది. మొదటి పాఠంలో దొరకు ‘రు’ ఉంది కాబట్టి కొట్టింది దొరేనా, గుంపా అని తెలియదు. ఇప్పుడు ‘రు’ తాతకు ఇచ్చాం. తాతే ఎవరినో కొట్టినట్టు కూడా చదవొచ్చు! “నీళ్లకు వెళ్లారు. ఆపారు. కొట్టారు.” ఇలాంటి వాక్యాలు మన నివేదికల్లో కొల్లలు. మొదటి ‘రు’ మనవాళ్లు, మిగతావి ఎవరు? పెద్దలకు ‘రు’ ఇచ్చే రచనలో దాడి జరిగిన ప్రతి వాక్యానికీ కర్తను పేరు పెట్టి రాయక తప్పదు.

అందుకే తాతను అడిగి రమ్మన్నాను. ఆయన నవ్వి ఇలా అన్నారట: “దొర మమ్ముల ముట్టుకుంటడా బిడ్డా? జీతగాండ్లతోటి కొట్టిచ్చిండు.” కొట్టాడు కాదు, కొట్టారు కాదు, కొట్టించాడు. అంటరానితనం ఆ ‘ఇంచు’లో ఉంది.

మారిన పేజీ ఇది: “దొర గడీ అరుగు మీద కూర్చున్నాడు. తాత వాకిట్లో నిలబడ్డారు. ‘ఒరే, గొడ్ల కాడికి పోరా’ అన్నాడు దొర. బడికి పోతానన్నారు తాత. దొర ఇద్దరు జీతగాళ్లతో తాతను కొట్టించాడు.”

ఇక నానమ్మ. పది పేజీల్లోనూ ఆమె పోయింది, వచ్చింది, వండింది. ఆవు వచ్చింది, బండి వచ్చింది, నానమ్మ వచ్చింది. ఏకవచనంలో మన వ్యాకరణం స్త్రీని జంతువులతో, వస్తువులతో కలిపి అమహత్తు చేస్తుంది. బహువచనానికి వస్తేనే ఆమె మనుషుల్లో కలుస్తుంది: ఆవులు వచ్చాయి, ఆడవాళ్లు వచ్చారు. అందుకే పక్కన మగవాళ్లకు ‘రు’ ఇచ్చి “ఈశ్వరీబాయి 1967లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు ఎన్నికైంది” అని రాస్తే నాకు గుచ్చుకుంటుంది. ఆమె కూడా ‘ఎన్నికయ్యారు’. తాతకు ‘రు’ ఇచ్చిన చేత్తో నానమ్మకు ‘ది’ ఇవ్వకూడదు.

“నానమ్మను వచ్చారు అంటే ఆమెకే నవ్వొస్తది సార్” అన్నాడు అబ్బాయి. అట్లయితే తాతను కూడా దింపి ఇద్దరికీ ఇంటి భాషే పెట్టు, ‘వచ్చిండు, వచ్చింది’ అని మొత్తం రాయి, అదీ బాగుంటుంది అన్నాను. వారం తీసుకున్నాడు. కథనంలో ఇద్దరికీ ‘రు’ పెట్టి, వాళ్లు మాట్లాడిన చోట వాళ్ల మాటను అలాగే ఉంచి తెచ్చాడు. నానమ్మకు చదివి వినిపిస్తే నవ్విందట. తర్వాత ఆ పేజీ మళ్లీ చదవమన్నారట.