థాయ్‌లాండ్ కొటేషను మారలేదు

మెల్‌బోర్న్ పశ్చిమాన కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో కాస్టింగ్ చూసేవాణ్ణి. ఏ వస్తువుకి ఎంత ఖర్చవుతోంది, ఎంతకి కొటేషన్ ఇవ్వాలి, పోటీవాడు ఎంతకి ఇస్తున్నాడు అన్నది లెక్కగట్టడం నా పని. ఆ లెక్కని కొన్నేళ్ల పాటు తప్పుగా చదివాను. కూడికల్లో తేడా రాలేదు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, వాటికి నేను చెప్పుకున్న కారణమే తప్పు. ఆ తప్పు వల్ల నాతో పనిచేసినవాళ్లని అనకూడని మాటలు అన్నాను.

అవి ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం రోజులు. చైనాలో ఉక్కు కర్మాగారాలు రాత్రీ పగలూ నడుస్తున్నాయి. 2003 ప్రాంతంలో టన్ను సుమారు 30 అమెరికా డాలర్లున్న ఖనిజం 2011 మొదట్లో 180 దాటింది. ఆ ఖనిజంలో చాలా భాగం మాకు ఖండానికి అవతలి కొసన, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో ఉంది. పోర్ట్ హెడ్‌ల్యాండ్ లాంటి రేవుల నుంచి ఓడలకెక్కుతుంది. దానికీ మా ప్రెస్సు షాపుకీ ఏ సంబంధమూ లేదనుకునేవాణ్ణి.

పైగా ఆస్ట్రేలియా డాలరు పెరుగుతుంటే సంతోషించాను. ఇంటికి డబ్బు పంపే ప్రతి తెలుగువాడూ అప్పట్లో పొద్దున్నే రేటు చూసుకునేవాడు. 2009 మొదట్లో డాలరుకి 32 రూపాయలు వచ్చేవి, 2011 మధ్యకి 48 దాకా వచ్చాయి. జీతం పెరగకుండానే ఊళ్లో స్థలం వాయిదాలు తేలికయ్యాయి. వారాంతాల్లో నలుగురం కలిస్తే అదే మాట. మీరు అక్కడుంటే మీరూ మాతో కలిసి సంతోషించేవారే. జీతమిచ్చే ఫ్యాక్టరీకి ఆ రేటు ఏం చేస్తోందని ఆ సమయంలో ఎవరికి తడుతుంది?

ఫ్యాక్టరీలో ఆర్డర్లు తగ్గుతున్నాయి. మేం సరుకిచ్చే కార్ల కంపెనీ తన బళ్లలో చాలా భాగం గల్ఫ్ దేశాలకి ఎగుమతి చేసేది. ఏటా మమ్మల్ని ధర తగ్గించమని అడిగేది, లేకపోతే థాయ్‌లాండ్ నుంచి తెప్పించుకుంటామనేది. నా షీటులో ఒక వరస మా ధర, ఒక వరస థాయ్‌లాండ్ ధర. రెండూ ఆస్ట్రేలియా డాలర్లలోనే. 2006లో మా బ్రాకెట్ ఒకటి 22 డాలర్లు, వాళ్లది 24. నాలుగైదేళ్లు తిరిగేసరికి మాది అదే 22, వాళ్లది 18. అది చూసి, వాళ్లు కొత్త యంత్రాలు పెట్టి పని మెరుగుపరుచుకున్నారనీ, మనవాళ్లు బద్ధకించారనీ తేల్చేశాను.

పైవాళ్లకి ఒక నివేదిక రాశాను. ఓవర్‌టైము కోయమన్నాను, టీ విరామాలు కుదించమన్నాను, టూల్‌రూములో ఇద్దరిని తగ్గించినా నడుస్తుందన్నాను. ఆ టూల్‌రూములో డైలు చెక్కడంలో దిట్ట అయిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పిల్బరాలో ఫిట్టరు పనికి వెళ్తున్నానని చెప్పారు. కొన్ని వారాలు అక్కడ, తర్వాత విమానంలో ఇంటికి, మళ్లీ అక్కడికి. జీతం మేమిచ్చేదానికి దాదాపు రెట్టింపు. మీటింగులో అందరి ముందూ, మీలాంటివాళ్లు డబ్బుకి ఆశపడి వెళ్లిపోబట్టే ఈ ఫ్యాక్టరీ ఇలా అయిందన్నాను. ఆయన బదులు చెప్పలేదు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అసలు విషయం పాత ఫైలు తిరగేస్తుంటే తెలిసింది. ఇంకో పని మీద 2006 నాటి థాయ్‌లాండ్ కొటేషన్ అసలు కాగితం తీశాను. అందులో ధర అమెరికా డాలర్లలో ఉంది, 18. కొత్త కొటేషన్ తీశాను. అందులోనూ 18. ఇన్నేళ్లలో వాళ్లు ఒక్క సెంటు తగ్గించలేదు. 2006లో ఆస్ట్రేలియా డాలరు 75 అమెరికా సెంట్లు, కాబట్టి వాళ్ల 18 మాకు 24 అయింది. 2011 మొదలయ్యేసరికి రెండు డాలర్లూ సమానం, కాబట్టి అదే 18 మాకు 18 అయింది. మార్చి వేసింది మేమే, మా ఆఫీసులోనే, ఒక ఫార్ములాతో. మార్చాక వచ్చిన అంకెని మాత్రమే నా షీటులోకి ఎక్కించి, దాన్ని చూసి థాయ్‌లాండ్ కార్మికుల్ని మెచ్చుకుంటూ మావాళ్లని తిట్టాను. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

తర్వాత మా ధరని విడగొట్టి చూశాను. 2006లో 22 డాలర్లలో 8 ఉక్కుకి, మిగతా 14 జీతాలూ అద్దే కరెంటూ వగైరాలకి. ఉక్కు ధర అమెరికా డాలర్లతో ముడిపడింది కాబట్టి, మా డాలరు బలపడ్డాక ఆ 8 కాస్తా 6 అయింది. అంటే మేం బద్ధకించకుండా, ఖర్చు పెంచకుండా ఉంటే మా ధర 20కి దిగాలి. అప్పుడైనా థాయ్‌లాండ్ 18ని అందుకోలేం. అందుకోవాలంటే స్థానిక ఖర్చు 14 నుంచి 12కి రావాలి. వచ్చిందా? ఎదురు 16 అయింది. అందుకే మొత్తం మళ్లీ 22 దగ్గరే ఆగింది. ఉక్కులో మిగిలిన రెండు డాలర్లనీ జీతాలూ అద్దే మింగేశాయి.

ఆ 14 ఎందుకు 16 అయిందన్న ప్రశ్నకి జవాబు ఆర్థికవేత్తలు మాక్స్ కోర్డెన్, పీటర్ నియరీ 1982లో రాసిన వ్యాసంలో దొరికింది. వీళ్లు వివరించిన దానికే డచ్ డిసీజ్ అని పేరు. నెదర్లాండ్స్‌లో గ్యాసు బయటపడ్డాక అక్కడి పరిశ్రమలకి పట్టిన గతిని చూసి ‘ఎకనమిస్ట్’ పత్రిక 1977లో పెట్టిన పేరది. వ్యాసంలో సమీకరణాలున్నాయి కానీ, మాట సూటిగానే ఉంది. ఒక ఖనిజానికి గిరాకీ విపరీతంగా పెరిగితే మిగతా పరిశ్రమలకి రెండు దారుల్లో దెబ్బ తగులుతుంది.

మొదటి దారి మనుషులది. గని ఎక్కువ జీతమిచ్చి ఫిట్టర్లనీ వెల్డర్లనీ ఎలక్ట్రీషియన్లనీ లాక్కుంటుంది. ఉన్నవాళ్లని నిలుపుకోవాలంటే ఫ్యాక్టరీ కూడా జీతం పెంచాలి, కానీ తన సరుకు ధర పెంచలేదు. ఆ ధర ప్రపంచ మార్కెట్లో నిర్ణయమవుతుంది. మా టూల్‌రూము పెద్దాయన నడిచింది ఈ దారినే. నేను దాన్ని ఆశ అన్నాను. మేం ఇవ్వలేని జీతం ఇంకొకరు ఇవ్వగలిగారు, జరిగింది అంతే.

రెండోది ఖర్చు దారి, దీని దెబ్బే పెద్దది. ఖనిజం అమ్మితే వచ్చేవి అమెరికా డాలర్లు. గని కంపెనీ జీతాలకీ, పన్నులకీ, రాయల్టీలకీ, కొత్త రైలు మార్గాలు వేయడానికీ ఆస్ట్రేలియా డాలర్లు కావాలి. అవి కొంటుంది, దాంతో వాటి విలువ పెరుగుతుంది. ఆ డబ్బు జనం చేతిలో పడ్డాక రెండు రకాల వస్తువుల మీద ఖర్చవుతుంది. టీవీలాంటివి బయటి నుంచి ఎన్నయినా వస్తాయి, కాబట్టి వాటి ధర పెరగదు. అద్దె ఇల్లు, కటింగు షాపు, ప్లంబరు మాత్రం ఓడలో దిగుమతి కావు, కాబట్టి వాటి రేట్లు పెరుగుతాయి. వీటిని కొనుక్కు బతికే కార్మికుడు జీతం పెంచమని అడగక ఏం చేస్తాడు? ఆ రోజుల్లో మా ఇంట్లో పెద్ద టీవీ చవగ్గా కొన్నాం, అదే ఏడాది ఇంటి అద్దె పెరిగిందని గొణుక్కున్నాం. ఆ రెండూ ఒకే కారణంతో జరిగాయని నాకు తోచలేదు. ఇలాంటి పరిస్థితి ఒక దేశంలో వచ్చిందో లేదో తెలియాలంటే చూడాల్సింది ఆ రెండు ధరల మధ్య పెరిగే ఎడమే. మారకం రేటుని ప్రభుత్వం కదలకుండా బిగించినా ఆ ఎడం ఆగదు, రేటుకి బదులు లోపలి ధరలే పెరుగుతాయి. ఆస్ట్రేలియా 1983లోనే తన డాలరుని మార్కెట్‌కి వదిలేసింది కాబట్టి మాకు అది రేటులోనే ఎక్కువగా కనిపించింది. ధరలు అదుపు తప్పకుండా రిజర్వు బ్యాంకు 2010 నవంబరులో వడ్డీని 4.75 శాతానికి పెంచింది. అమెరికాలో అప్పుడు వడ్డీ దాదాపు సున్నా. దాంతో బయటి పెట్టుబడి ఇంకా వచ్చింది, డాలరు ఇంకా పెరిగింది. 2011 జూలైలో 110 అమెరికా సెంట్ల దాకా వెళ్లింది.

నేరమంతా ఖనిజానిదే అని మాత్రం అనను. ఒకసారి తప్పుడు కారణం పట్టుకున్నవాణ్ణి, ఇంకోసారి ఆ పని చేయలేను. ఆస్ట్రేలియాలో కార్ల మార్కెట్ చిన్నది, చేసే కంపెనీలు అప్పట్లో ఎక్కువగా ఉండేవి. దిగుమతి సుంకం 1980ల్లో 57.5 శాతం ఉండేది, 2010కి 5 శాతానికి దిగింది. డాలరు పెరగకపోయినా కొందరు మూసేసేవారే. మిత్సుబిషి అడిలైడ్‌లో 2008లోనే మూసేసింది. కానీ మిగిలినవాళ్లకి గట్టెక్కే వ్యవధి దొరక్కుండా చేసింది ఆ డాలరే. 2013 మేలో ఫోర్డ్, డిసెంబరులో హోల్డెన్, 2014 ఫిబ్రవరిలో టయోటా ఇక్కడ కార్లు చేయడం ఆపేస్తామని ప్రకటించాయి. 2017 అక్టోబరుకి చివరి కారు కూడా బయటికొచ్చేసింది. అప్పటికి ఖనిజం ధర పడిపోయింది, డాలరు మళ్లీ 75, 80 సెంట్ల మధ్యకి వచ్చింది. నా 2006 లెక్క ప్రకారం మేం మళ్లీ పోటీలోకి రావాలి. కానీ అప్పటికి డైలు తుక్కుకి పోయాయి, చెక్కేవాళ్లు వేరే పనుల్లో కుదురుకున్నారు, సరుకు కొనే కంపెనీయే లేదు. రేటు దిగడానికి రెండు మూడేళ్లు చాలు, ఒక టూల్‌మేకరు తయారవడానికి నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్ కావాలి.

దీన్ని ఆపవచ్చా అని ఆలోచించినప్పుడల్లా నార్వే గుర్తొస్తుంది. అక్కడ చమురు మీద ప్రభుత్వానికొచ్చే డబ్బు ఒక నిధిలోకి వెళ్తుంది. ఆ నిధి దాన్ని నార్వే బయటే పెట్టుబడి పెడుతుంది. ఏటా బడ్జెట్టుకి తీసుకునేది నిధి విలువలో కొద్ది శాతమే, 2001లో 4 అనుకున్నారు, తర్వాత 3కి తగ్గించారు. విదేశీ డబ్బు దేశంలోకి ఒక్కసారిగా రాదు కాబట్టి కరెన్సీ అంతగా ఉబ్బదు, ఖర్చు దారి చాలావరకు మూసుకుంటుంది. ఆస్ట్రేలియా 2012లో గనుల అధిక లాభాల మీద ఒక పన్ను వేసి, 2014లోనే ఎత్తేసింది. అది పెద్ద పొరపాటని నా నమ్మకం. అయితే నార్వే పద్ధతి ఉన్నా మా పెద్దాయన పిల్బరా వెళ్లకుండా ఆపేది కాదు. గని ఇచ్చే జీతం అలాగే ఉంటుంది. ఆయన వెళ్లాక ఆ బల్ల దగ్గర నిలబడేందుకు ఇద్దరు కుర్రాళ్లని ముందే తయారు చేసి ఉంచడం ఒక్కటే ఫ్యాక్టరీ చేతిలో ఉన్న పని. నా నివేదికలో నేను తగ్గించమన్నది సరిగ్గా ఆ ఇద్దరినే.