పదహారు మంది ఆడపిల్లల సగటు

మా తండా యువకుల వాట్సాప్ గ్రూపులోకి ఒక సాయంత్రం రెండు స్క్రీన్‌షాట్లు వచ్చాయి. రెండు హాస్టళ్లలో ఆడపిల్లలకు రక్తపరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ సగటు ఒక హాస్టల్లో 11.4, ఇంకో హాస్టల్లో 11.9. మొదటిది ఎక్కువగా మా తండాల పిల్లలుండే హాస్టల్. ఫొటోల కింద ఎవరో ఒక మాట రాశారు: "చూశారా, తండా పిల్లల దగ్గరే తక్కువ. తిండి అలవాట్లు మారాలి."

మేము అక్కన్నపేట, హుస్నాబాద్ వైపు తండాల నుంచి సిద్దిపేటకు వచ్చి డిగ్రీ చదువుకున్నవాళ్లం. ఆ మాట మా అందరికీ గుచ్చుకుంది. జొన్న రొట్టె తిని పెరిగినవాళ్లం, ఆ తిండినే తప్పుపడితే ఊరుకోబుద్ధి కాలేదు. కానీ కోపంతో జవాబు రాస్తే అది కోపంగానే మిగిలిపోతుంది. అందుకని ఆ రాత్రి నలుగురం కూర్చుని, ఆ ఫొటోల్లో ఉన్న అంకెలతోనే లెక్క కట్టాం. ఆ లెక్క ఎలా సాగిందో ఇక్కడ చెప్తాం. హాస్టళ్ల గుర్తులు తీసేశాం, అంకెలను లెక్కకు వీలుగా కొంచెం సర్ది ఇస్తున్నాం.

ఒక్కో ఫొటోలో మూడు అంకెలున్నాయి. సగటు, పరీక్ష చేసిన పిల్లల సంఖ్య, ప్రామాణిక విచలనం. మూడోదాన్నే కంప్యూటర్ SD అని చూపిస్తుంది. ఒక్కో పిల్ల అంకె సగటుకు మామూలుగా ఎంత దూరంలో ఉందో అది చెప్తుంది. మా హాస్టల్ ఫొటోలో సగటు 11.4, పిల్లలు 16 మంది, విచలనం 1.4. ఈ మూడు చాలు, ఒక్కో పిల్ల అంకె లేకపోయినా సగటును ఎంతవరకు నమ్మొచ్చో లెక్కకు వస్తుంది.

ముందు విచలనాన్ని పిల్లల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 16 వర్గమూలం 4. 1.4ను 4తో భాగిస్తే 0.35. దీన్ని ప్రామాణిక దోషం అంటారు. ఇలాగే మళ్లీ మళ్లీ పదహారేసి మందిని పరీక్షిస్తే, వచ్చే సగటులు ఒకదానికొకటి ఎంత అటూ ఇటూ ఊగుతాయో ఇది చెప్తుంది.

తర్వాత ఆ 0.35ను ఒక గుణకంతో హెచ్చించాలి. డిగ్రీలో 95 శాతానికి 1.96 అని అందరం బట్టీ పట్టిందే. అయితే అది పెద్ద నమూనాలకు పనికొచ్చేది. పదహారు మందితో కట్టిన విచలనమే కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి గుణకం ఇంకొంచెం పెద్దది కావాలి. ఈ చిక్కు విప్పినవాడు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్. కొద్ది నమూనాలతోనే తీర్పు చెప్పాల్సిన పని ఆయనది. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆ సంగతి అచ్చు వేయించాడు. మన పుస్తకాల వెనకాల ఉండే t పట్టిక అక్కడి నుంచి వచ్చిందే. పదహారులో ఒకటి తీసేసి 15 వరుసలో చూస్తే 2.131 అని ఉంటుంది. 0.35ను 2.131తో హెచ్చిస్తే 0.75. ఇదే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే దోష పరిధి. 11.4కు అటు 0.75, ఇటు 0.75 వేస్తే 10.65 నుంచి 12.15 దాకా. దీన్ని విశ్వాస అంతరం అంటారు.

పట్టిక దగ్గర లేకపోతే ఫోన్లో గూగుల్ షీట్స్ తెరిచి ఒక గడిలో ఇలా కొడితే చాలు:

```
=CONFIDENCE.T(0.05, 1.4, 16)
```

0.746 అని వస్తుంది. 0.05 అంటే వందలో మిగిలిన అయిదు. చివర T మరిచిపోయి NORM కొడితే 0.686 వస్తుంది. అది 1.96తో కట్టిన లెక్క, చిన్న గుంపుకు పరిధిని తక్కువ చేసి చూపిస్తుంది.

ఇక రెండో ఫొటో. అక్కడ మేము రెండుసార్లు తడబడ్డాం. ఫొటో చేతులు మారీ మారీ మసకబారింది. పిల్లల సంఖ్య 19లా కనిపిస్తుంది, 49లా కూడా కనిపిస్తుంది. మాలో ఒకడు 19 అని లెక్క మొదలుపెట్టేశాడు. ఇంకొకడు కింది వరుసలో ఉన్న మొత్తం చూశాడు. 65 అని ఉంది. మా పదహారు మందిని తీస్తే 49. స్క్రీన్‌షాట్ నుంచి అంకె ఎత్తి రాసేటప్పుడు మొత్తంతో కలిపి చూసుకోవాలని ఆ పూట నేర్చుకున్నాం.

రెండో తడబాటు ఇంకా పెద్దది. ఆ ఫొటోలో విచలనం ఉండాల్సిన గడిలో 0.2 అని ఉంది. పైన గడి పేరు కత్తిరింపులో పోయింది. మొదటి ఫొటోలో అదే చోట SD ఉంది కాబట్టి ఇదీ అదే అనుకున్నాం. 49 వర్గమూలం 7. 0.2ను 7తో భాగించి, 48 వరుసలోని 2.011తో హెచ్చిస్తే దోష పరిధి 0.06 వచ్చింది. అంటే ఆ హాస్టల్ సగటు 11.84, 11.96 మధ్య బిగుసుకుని ఉందన్నమాట. అది నిజమైతే మా హాస్టల్ వెనకబడిందన్న మాటకు బలం వచ్చినట్టే. కాసేపు ఎవరం నోరు మెదపలేదు.

అప్పుడు మాలో ఆశా అక్కతో కలిసి ఇంటింటికీ తిరిగిన చెల్లె ఒకతి అడిగింది: "అన్నా, 49 మంది పిల్లలుంటే అందరి రక్తం ఒకే లెక్కన ఉంటదా?" ఆ ప్రశ్నే దారి చూపించింది. విచలనం 0.2 అంటే దాదాపు అందరూ సగటుకు రెండు విచలనాల లోపల, అంటే 11.5కు 12.3కు మధ్యనే ఉండాలి. ఏ తరగతిలో చూసినా ఒకరికి తొమ్మిది ఉంటుంది, ఒకరికి పదమూడు ఉంటుంది. కాబట్టి 0.2 విచలనం కాదు, అప్పటికే వర్గమూలంతో భాగించిన ప్రామాణిక దోషం అయ్యుండాలి. వెనక్కి లెక్కపెట్టాం. 0.2ను 7తో హెచ్చిస్తే 1.4. మా హాస్టల్ విచలనం కూడా సరిగ్గా అంతే.

అంకె నప్పింది కదా అని నమ్మేయకూడదు. అందుకే మరుసటి రోజు ఆ ఫొటో పంపిన సారును అసలు షీటు అడిగాం. ఆయన విసుక్కోకుండా పంపారు. కత్తిరింపులో పోయిన గడి పేరు `Std. Error`. అప్పుడు లెక్క మారిపోయింది. దోష పరిధి 0.2ను 2.011తో హెచ్చిస్తే 0.40. మళ్లీ 7తో భాగించే పని లేదు. అంతరం 11.5 నుంచి 12.3 దాకా. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. 0.2 అని ఒకే దశాంశం చూపించారు. అసలు విలువ 0.15 కావచ్చు, 0.25కు దగ్గర్లోదీ కావచ్చు. అప్పుడు పరిధి 0.30 నుంచి 0.50 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే మేము జవాబును కూడా ఒక దశాంశానికే ఆపాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు హాస్టళ్ల మధ్య 0.5 తేడా నిజమేనా? రెండు అంతరాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని కంటితో చూసి తేల్చడం సరికాదు. కొంచెం ఒకదానిమీద ఒకటి పడినా తేడా నిజం కావచ్చు. తేడాకే విడిగా అంతరం కట్టాలి. రెండు ప్రామాణిక దోషాలను వర్గం చేసి కలిపి, వర్గమూలం తీయాలి. 0.35 వర్గం 0.1225. 0.2 వర్గం 0.04. కలిపితే 0.1625, దాని వర్గమూలం 0.40. ఇక్కడ గుణకం దాదాపు 2.06. దోష పరిధి 0.83. అంటే తేడా మైనస్ 0.3 నుంచి ప్లస్ 1.3 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. సున్నా ఆ లోపలే ఉంది. రెండు హాస్టళ్లూ సమానమే కావచ్చు, మా హాస్టలే కాస్త మెరుగు కావచ్చు, లేదా ఒక పాయింటు పైనే వెనకబడి ఉండనూ వచ్చు. పదహారు మందితో అది తేలదు. తేడా లేదని మేము నిరూపించలేదు. ఉందని ఆ ఫొటోలు నిరూపించలేదు, అంతే.

95 శాతం అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. ఇదే పద్ధతిలో వందసార్లు నమూనా తీసి వంద అంతరాలు కడితే, వాటిలో దాదాపు 95 అసలు సగటును పట్టుకుంటాయని దాని అర్థం. అయితే అది నమూనాను చీటీలు తీసినట్టు తీసినప్పటి మాట. మా హాస్టల్లో ఆ పదహారు మంది ఎవరని అడిగితే, ఆ రోజు తరగతిలో ఉన్నవాళ్లు అన్నారు. జ్వరంతో గదిలో పడుకున్న పిల్ల, నీరసంగా ఉందని ఇంటికి పోయిన పిల్ల లెక్కలో లేరు. ఆ తప్పును ఏ దోష పరిధీ పట్టుకోదు. వర్గమూలంలో దానికి చోటు లేదు.

ఈ లెక్కంతా తెల్ల కాగితం మీద రాసుకుని తల్లిదండ్రుల మీటింగుకు తీసుకుపోయాం. తిండి అలవాట్ల మాట ఎత్తినవాళ్లు కాగితం చూసి ఇంకేమీ అనలేదు. మేము గెలిచామనే అనుకున్నాం. అప్పుడు వెనక వరుసలో కూర్చున్న ఒక యాడి లేచి అడిగింది: "అంతా బాగానే ఉంది బిడ్డా. మా పిల్లకు ఎంతుంది?"

మా దగ్గర జవాబు లేదు. సగటు చుట్టూ కట్టిన అంతరం సగటు గురించే చెప్తుంది, ఏ ఒక్క పిల్ల గురించీ చెప్పదు. పిల్లల గురించి చెప్పేది మేము భాగించి పక్కన పెట్టిన ఆ 1.4. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకు డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సగటు 11.4, విచలనం 1.4 ఉన్నచోట అంకెలు మామూలు గంట ఆకారంలో పరుచుకున్నాయనుకుంటే, పదహారు మందిలో పది పదకొండు మంది 12 కంటే కిందే ఉంటారు. రెండో హాస్టల్లో కూడా సగం మందికి పైనే. ఎవరు ముందు, ఎవరు వెనక అని మేము వాదించుకుంటున్నంతసేపూ రెండు చోట్లా పిల్లలు నీరసంగానే ఉన్నారు.

ఆ మీటింగులోనే పద్ధతి మార్చమని అడిగాం. ఆ రోజు లేనివాళ్లతో సహా ప్రతి పిల్లకూ పరీక్ష చేయాలి. అంకెను చీటీ మీద రాసి ఆ పిల్ల తల్లి చేతికి ఇవ్వాలి. 12 కంటే తక్కువ ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీ నిజంగా మింగారో లేదో చూడాలి. గ్రూపులో ఇంకెప్పుడైనా సగటు పెడితే పక్కన పిల్లల సంఖ్య, గడి పేరు కత్తిరించకుండా పెట్టాలి.

మూడు వారాల తర్వాత ఆ యాడి చీటీ తెచ్చి మాకు చూపించింది. 9.8 అని ఉంది. రెండు ఫొటోల్లోనూ ఆ అంకె ఎక్కడా కనిపించలేదు.