నూలు నూనెగా వినిపించిన చోట

కృష్ణానగర్‌లో ఒక మేడ మీది చిన్న గది. గోడలకు నురుగు పలకలు, తలుపు సందులకు రబ్బరు పట్టీలు. పోచంపల్లి నేతగత్తె ఒకామె మీద నేను తీసిన 12 నిమిషాల డాక్యుమెంటరీని మిక్సింగుకు తీసుకెళ్లాను. ఎడిటింగు, సంగీతం పెట్టడం అన్నీ ఇంట్లో నేనే చేసుకున్నాను. ఇక్కడ కాస్త మెరుగు పెట్టించుకుంటే చాలనుకున్నాను.

ఇంజనీరు మూడో నిమిషం దగ్గర ఆపి, అప్పుడే చాయ్ తెచ్చిన కుర్రాణ్ణి పిలిచాడు. "కళ్లు మూసుకుని విను. ఆమె ఏమన్నదో చెప్పు."

"నూనె రేటు పెరిగిందంటున్నది సార్."

ఆమె అన్నది నూలు. ఆ మాట నేను కనీసం యాభై సార్లు విని ఉంటాను, ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. "మీకు మాట ముందే తెలుసు గదండీ. మీకు చెవులతో పని లేదు" అన్నాడాయన. సినిమా తీసినవాడు మాట స్పష్టంగా ఉందని చెబితే తను నమ్మడట.

మీటరు చూపించాడు. ఆమె మాటకూ వెనకాల వీణకూ తేడా 6 డెసిబెల్స్ మాత్రమే. మాట నడిచేటప్పుడు 15 నుంచి 20 దాకా తేడా ఉండేలా ఆయన చూసుకుంటాడు. అయితే నేను వీణను ఎందుకంత పెంచానో ఆయనే కనిపెట్టేశాడు. సంగీతం మ్యూట్ చేసి వినిపించాడు. నేను కత్తిరించి అతికిన ప్రతిచోటా వెనకాల ఫ్యాను హోరు ఠక్కున ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఆ అతుకులు దాచడానికే నేను వీణ పెంచాను. దొంగతనం బయటపడ్డట్టయింది.

మరమ్మతు మాటతోనే మొదలుపెట్టాడు. 80 హెర్ట్జ్‌కు కింద ఉన్న హోరు కోసేశాడు. ఆడగొంతులో అక్కడ పోగొట్టుకునేది ఏమీ లేదట. ఆమె మాట్లాడని క్షణాల్లోంచి గది చప్పుడు ముక్కలు ఏరి అతుకుల కింద పరిచాడు. దొరికినవి రెండు మూడు సెకన్ల ముక్కలే. వాటిని అటూ ఇటూ కలిపి లాగడానికే గంట పట్టింది.

తర్వాత వీణ. "ఇది ఎవరిది?" అన్నాడు.

"త్యాగరాజ కీర్తన. ఆయన పోయింది 1847లో. హక్కులు ఎవరికుంటాయి?"

"కీర్తన సంగతి సరే. వాయించిందెవరు? క్యాసెట్ ఎప్పటిది?"

1984 నాటిది, మా నాన్న కొన్నది. మన చట్టం ప్రకారం రికార్డింగుకు విడిగా హక్కు ఉంటుంది. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2044 ముగిసేదాకా. ముప్పై సెకన్లలోపు వాడితే పరవాలేదని నేనూ అందరిలాగే విని ఉన్నాను. అలాంటి మినహాయింపేదీ లేదు. "ఉచితం" అని దొరికేవాటిలోనూ మెలిక ఉంది. క్రియేటివ్ కామన్స్‌లో NC అని ఉంటే వాణిజ్యానికి కుదరదు, ప్రకటనలు పెట్టుకుని డబ్బు చేసుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు. ND అని ఉంటే వీడియోకు జతచేయడమే కుదరదు. ఆయన దగ్గర ఒక వైణికుడికి డబ్బిచ్చి వాయింపించుకున్న బిట్లున్నాయి, ఏ మాధ్యమంలోనైనా వాడుకోవచ్చని సంతకం చేసిన కాగితంతో సహా. అందులోంచి ఒకటి కొన్నాను.

ఆ కొత్త వీణను కూడా ఊరికే తగ్గించలేదు. మరీ తగ్గిస్తే అది సంగీతంలా కాక పక్కింటి రేడియోలా ఉంటుంది. ఈక్వలైజర్‌లో 2, 3 వేల హెర్ట్జ్‌ల మధ్య 4 డెసిబెల్స్ లోతున చిన్న గుంట తవ్వాడు. హల్లులు తేటపడేది చాలావరకు ఆ ప్రాంతంలోనే, వీణ మీటు కూడా అక్కడే గుచ్చుకుంటుంది. మాట రాగానే సంగీతం దానంతటదే తగ్గే ఏర్పాటు ఉంది కదా అన్నాను. పెట్టి వినిపించాడు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా వీణ పైకి లేస్తోంది, ఆయాసపడుతున్నట్టు. అది తీసేసి ఫేడర్‌ను చేత్తోనే నడిపాడు. ఆమె నోరు తెరవడానికి అర సెకను ముందే వీణ తగ్గుతుంది, వాక్యం పూర్తిగా ముగిశాకే మెల్లగా లేస్తుంది.

మగ్గం చప్పుడు మాత్రం పూర్తిగా లొంగలేదు. ఇంటర్వ్యూ వేళ పక్కింట్లో నేస్తున్నారు. ఆ టకటక ఆమె మాటలోనే అంటుకుని ఉంది. నేను విడిగా పట్టుకొచ్చిన మగ్గం శబ్దాన్ని మాటలు లేని చోట్ల పెంచి, మాటలో ఉన్నది కూడా ఆ మగ్గానిదే అనిపించేలా సర్దాడు.

చివరికి పెద్ద స్పీకర్లు ఆపి, ఫోనులో సగం వాల్యూమ్‌తో పెట్టి కుర్రాణ్ణి మళ్లీ పిలిచాడు. నాకు తృప్తిగా లేదు, వాడు ఆ వాక్యం ఒకసారి విన్నవాడే. అందుకే కింద ఇస్త్రీ బండి ఆయన్ని పిలుచుకొచ్చాం. "నూలు రేటు" అన్నాడు, తడుముకోకుండా.

మీరు ఎవరినైనా రికార్డు చేయడానికి వెళ్తే, మాటలయ్యాక ఎవరినీ కదలనివ్వకుండా ఒక నిమిషం ఆ గది చప్పుడు కూడా పట్టుకుని రండి. నేను తేలేదు, ఆ ఒక్క గంటకూ వేరుగా బిల్లు కట్టాను.