కౌంటర్ మీది నాలుగు వాక్యాలు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే కంప్యూటర్ల బజారు. ఆ చుట్టుపక్కల ల్యాప్‌టాప్ రిపేరు సెంటర్ నడిపే మిత్రుడొకాయన కౌంటర్ మీదికి బోర్డు రాసిపెట్టమన్నాడు. "వారంటీలో ఏమేం వస్తాయో మనవాళ్ళకి చదవగానే తెలియాలి సార్" అన్నాడు. పాత బోర్డు మీద ఉన్నది ఒకటే మాట: కండిషన్స్ అప్లై. ఆ కండిషన్లేమిటో ఎక్కడా లేవు.

రాయడానికి కూర్చున్న రోజే ఒక టీచరమ్మ వచ్చారు. యాభై రెండు రోజుల కిందట ఆవిడ ల్యాప్‌టాప్‌కు ఇక్కడే చార్జింగ్ జాక్ మార్చారు. బిల్లు మీద మూడు నెలల వారంటీ అని ఉంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మళ్ళీ ఆన్ కావడం లేదు. "అప్పుడూ ఇదే జబ్బు, ఇప్పుడూ ఇదే. ఫ్రీగా చెయ్యాలి కదా అన్నా?" అని అడిగారు. అడగడంలో తప్పేముంది? యంత్రం ఆగిపోవడం ఒక్కటే ఆవిడకు కనబడేది.

సెంటర్‌లో పనిచేసే కుర్రవాడు ఆవిడ ముందే అడుగు మూత విప్పాడు. చార్జర్ మీద 19 వోల్టులని రాసి ఉంది. మల్టీమీటర్ ముల్లు జాక్ వైరు బోర్డును తాకే చోట పెడితే అక్కడా 19 చూపించింది. అంటే కొత్త జాక్ తన పని తాను చేస్తోంది. దాని తర్వాతి లైనులో ఒక చిన్న కెపాసిటర్ షార్ట్ అయింది. కరెంటు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతోంది. జబ్బు పైకి ఒకటే, లోపల చోటు వేరు. పాత జాక్‌కూ ఈ కెపాసిటర్‌కూ సంబంధం లేదని తేలాక ఆవిడ కోపం తగ్గింది కానీ, "ఈ ముక్క మొదటే చెప్పాల్సింది" అన్నారు. అది న్యాయం.

అందుకే మొదటి వాక్యం ఇలా రాశాను: "మేం మార్చిన పార్టుకూ, చేసిన పనికీ మూడు నెలలు మాది పూచీ, మిగతా ల్యాప్‌టాప్‌కు కాదు." దాని వెంటనే ఇంకోటి: "గడువులోపు తిరిగి తెస్తే, విప్పి మీ ఎదుటే చూపిస్తాం, చూసినందుకు డబ్బు తీసుకోం." రెండోది లేకపోతే మొదటిది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. మిత్రుడు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

బిల్లులో కూడా "రిపేరు" అని రాసి వదిలేయకుండా "చార్జింగ్ జాక్ మార్చాం" అని పార్టు పేరు రాయాలని చెప్పాను. పూచీ దేనికో తేల్చేది ఆ పేరే. బిల్లులో గడువు రాయకపోతే తమకే మంచిదని కొందరు దుకాణదారులు అనుకుంటారు. అది పొరపాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు అమ్మినా, సేవ చేసినా బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి బిల్లులో గడువు లేకుంటే 30 రోజులుగా లెక్కిస్తారు. అన్యాయం జరిగిందనుకుంటే 1915కు ఫోన్ చేయవచ్చు.

గడువు లెక్కలో ఇంకో చిక్కుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ వేస్తే దానికి తయారు చేసిన కంపెనీ వారంటీ వేరే ఉంటుంది. 2023 జూన్‌లో మూడేళ్ళ వారంటీతో కొన్నది 2025 ఫిబ్రవరిలో పాడైతే, కంపెనీ దాని బదులు ఇంకోటి ఇస్తుంది. ఆ బదులు వచ్చినదానికి మళ్ళీ మూడేళ్ళు ఉంటాయని చాలామంది నమ్ముతారు. మామూలుగా అలా ఉండదు. పాతదానికి మిగిలిన గడువే దీనికీ, అంటే 2026 జూన్ వరకే. మూడో వాక్యం అది: "బదులు వచ్చిన పార్టుకు మొదటి బిల్లు తేదీయే లెక్క."

నీళ్ళ సంగతి అన్నిటికన్నా కష్టం. టీ ఒలికిన రోజున ల్యాప్‌టాప్ మామూలుగానే పనిచేయవచ్చు. పంచదార తేమ బోర్డు మీద మిగిలి, వారాల తర్వాత రాగి గీతలను ఆకుపచ్చగా తినేస్తుంది. అప్పటికి టీ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. కొన్ని మోడళ్ళలో తడి తగిలితే తెల్లరంగు నుంచి ఎర్రగా మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి, కొన్నిటిలో ఉండవు. అందుకే "లిక్విడ్ డ్యామేజ్" అనే మాట తీసేసి, "నీళ్ళు, టీ పడినా, కింద పడి పగిలినా వారంటీ రాదు, ఆ గుర్తు మీకు చూపించాకే ఆ మాట అంటాం" అని నాలుగోది రాశాను.

సాయంత్రం టీచరమ్మ కెపాసిటర్ మార్పించుకుని, డబ్బు కట్టి, అట్ట మీది నాలుగు వాక్యాలూ నిలబడి చదివారు. "మరి ఇందులో మా పిల్లల మార్కులు, ఫోటోలు పోతే?" అన్నారు.

అది మాకు తోచనే లేదు. పోయిన ఫైళ్ళు మామూలుగా ఏ వారంటీలోనూ రావు. కలం తీసుకుని అట్ట అడుగున మిగిలిన ఖాళీలో రాశాను: "మీ ఫైళ్ళకు మా పూచీ లేదు. ఇచ్చే ముందు కాపీ తీసుకోండి. ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే, విప్పక ముందే మాకు చెప్పండి."