ఒక రోజు అంటే ఎంత?

మూఢం పోయి ముహూర్తాలు మొదలవడానికి నెల ముందే పెళ్ళి ఫొటోల ప్యాకేజీల పోస్టు పెట్టేస్తాను. మా నందిగామలో హాలు, పురోహితుడు, వంటవాళ్ళు కుదిరాకే ఫొటోల మాట వస్తుంది. ఆ మాట వచ్చేసరికి నా ధర వాళ్ళ ఫోన్లో ఉండాలి. "వివరాలకు ఫోన్ చేయండి" అని రాస్తే ఆడపిల్ల తండ్రి చెయ్యడు. ధర అడిగాక వద్దనాలంటే ఆయనకి మొహమాటం.

మొదట్లో 35 వేలు, 60 వేలు, 95 వేలు అని రాసి, కింద ఒక రోజు, రెండు రోజులు, ఇన్ని కెమెరాలు అని పెట్టాను. దెబ్బ తిన్నది అక్కడే. జగ్గయ్యపేటలో పెళ్ళి, 35 వేల ప్యాకేజీ, ముహూర్తం రాత్రి రెండు దాటాక. పొద్దున ఏడింటికి పెళ్ళికూతుర్ని చేయడంతో మొదలుపెట్టాం. సాయంత్రం ఎదురుకోలు, అర్ధరాత్రి దాటాక జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. అప్పగింతలయ్యేసరికి ఎండ వచ్చేసింది.

"ఒక రోజేగా బాబూ, మేం పడుకుని లేస్తేగా రెండో రోజు!" అన్నాడు పెళ్ళికూతురి మేనమామ.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. పెళ్ళివారికి అదంతా ఒకటే రోజు. వీడియో తీసే కుర్రాడికి మాత్రం రెండు రోజుల కూలి, రోజుకి 8 వేలు. లైటు పట్టేవాడికి రోజుకి 1,500. ఆల్బమ్‌కి 9 వేలు, వీడియో ఎడిటింగ్‌కి 5 వేలు. ఒక రోజే అయితే 11,500 మిగలాలి. రెండో రోజు కూలి పోగా చేతిలో పడింది 2 వేలు, పెట్రోలు కూడా అందులోనే.

ఆ తర్వాత పోస్టులో రోజులు తీసేసి పెళ్ళిలో జరిగేవే రాశాను. మొదటిది 42 వేలు: ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా, ముహూర్తం ఏ వేళైనా సరే. రెండోదాంట్లో పెళ్ళికూతుర్ని చేయడం కలుస్తుంది. మూడోదాంట్లో రెండు ఇళ్ళ వేడుకలు, రిసెప్షన్.

ఆల్బమ్ మాట కూడా మార్చాను. "30 షీట్లు" అంటే ఎవరికీ అర్థం కాదు. నాలుగు వందల ఫొటోలు ఎంచి పంపిస్తారు. అన్నీ ఇరికిస్తే మొహాలు చింతగింజలంత అవుతాయి, షీట్లు పెంచితే డబ్బు దగ్గర మాట పట్టింపు. అందుకని "30 షీట్లు, సుమారు 130 ఫొటోలు, పై షీటు ఒక్కోటి 250" అని పోస్టులోనే రాస్తున్నాను. ఎంపిక నెలలోపు చేయాలన్నది దాని పక్కనే. ఆఖరి వాయిదా ఆల్బమ్ ఇచ్చినప్పుడే కదా, ఎంపిక ఆగితే నా డబ్బూ ఆగుతుంది.

మొన్న పోస్టు చూసి కంచికచర్ల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "బాబూ, మా అబ్బాయి పెళ్ళికి నీ మూడూ చదివాను. సత్యనారాయణ వ్రతం దేంట్లో ఉంది?"

దేంట్లోనూ లేదు. ఆ సాయంత్రమే పోస్టు దిద్ది, మూడోదాంట్లో వ్రతం కలిపాను.